అందం ఫొటో చెబుతుంది, మీరు కొలత చెప్పండి

ఇంటర్నెట్ దుకాణంలో సరుకు పెట్టాలనుకునేవాళ్ళకు ఇవాళ ఎక్కడికెళ్ళినా ఒకటే సలహా దొరుకుతోంది. చేనేత సంఘాల శిక్షణ తరగతుల్లో, యూట్యూబు పాఠాల్లో, అమ్మకాలు పెంచి పెడతామని తిరిగే కుర్రాళ్ళ నోట అదే మాట. ‘వివరణ ఎవరూ చదవరు. ఫొటో చూస్తారు, ధర చూస్తారు, బొటనవేలితో పైకి తోసేస్తారు. కాబట్టి ఆ నాలుగు వాక్యాల్లో లెక్కలు పెట్టకండి, మనసుకు తగిలే మాటలు పెట్టండి.’ ఈ సలహా విని సంఘాలవాళ్ళు రెండు పేజీల వివరణను పట్టుకెళ్ళి ఎవరిచేతో నాలుగు ముక్కలు రాయించుకుంటున్నారు. ఆ నాలుగు ముక్కల్లో చీర తప్ప అన్నీ ఉంటాయి.

ఈ సలహాలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేను కాదనను. వివరణ పొట్టిగానే ఉండాలి. చేతిలో ఫోను పెట్టుకుని, బస్సులో నిలబడి చూసే మనిషి మూడువందల మాటలు చదవదు. మనసుకు తగిలే మాటలన్న రెండో సగమే తప్పు. పొడుగుది పొట్టి చేసేటప్పుడు కొలతలు కొట్టేసి విశేషణాలు మిగల్చమంటున్నారు. చేయాల్సింది సరిగ్గా దానికి తిరగేసి. పొట్టి వివరణలో విశేషణానికి చోటు లేదు, ఉన్న చోటంతా వాస్తవానికే కావాలి. చేనేత సంఘాలకు ఈ వివరణలు రాసిపెట్టేవాడిగా ఒక్క చీరను పట్టుకుని ఈ మాట రుజువు చేయాలని ఉంది.

పోచంపల్లి ఇకత్ నూలు చీర ఒకటి తీసుకుందాం. ముదురు ఎరుపు ఒళ్ళు, దానిమీద తెల్లని వజ్రాల వరసలు, నల్ల అంచు. సంఘం రాసిచ్చిన వివరణ దాదాపు మూడువందల మాటలు. అందులో ఊరి చరిత్ర ఉంది. నూలును లెక్క ప్రకారం సాగదీసి, రంగు తగలకూడని చోటల్లా గట్టిగా దారం చుట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ ముంచే పని గురించి ఉంది. పడుగూ పేకా 2/120 మెర్సరైజ్డ్ నూలు అని ఉంది. చీర 5.5 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, పన్నా 47 అంగుళాలు, బరువు సుమారు 400 గ్రాములు అని ఉంది. మొదటి మూడు ఉతుకుల్లో రంగు దిగుతుందని, గంజి పెట్టి మడిచారని, ఫాల్ కుట్టలేదని ఉంది. చివర పండుగలకూ శుభకార్యాలకూ ఎంతో హుందాగా ఉంటుందని రెండు వాక్యాలున్నాయి.

దీన్ని సలహాదారు కుదిస్తే ఇలా వస్తుంది:

‘రాజసం ఉట్టిపడే పోచంపల్లి ఇకత్! సంప్రదాయానికి నవ్యత అద్దిన అపురూప కళాఖండం. కట్టుకుంటే అందరి చూపూ మీ వైపే. ఈ పండుగకు మీ సొంతం చేసుకోండి!’

చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు పోచంపల్లి అన్నచోట గద్వాల అని పెట్టి చదవండి. అతుకుతుంది. వెంకటగిరి పెట్టండి, అతుకుతుంది. సూరత్‌లో పాలియెస్టర్ మీద అచ్చు వేసిన చీర పేరు పెట్టండి, అప్పుడూ ఒక్క అక్షరం మార్చే పని లేదు. అసలు చీరకూ నకిలీ చీరకూ ఒకేలా అతికే వివరణ వల్ల లాభం ఎవరికి? నకిలీ అమ్మేవాడికే. వాడికి చెప్పుకోడానికి వేరే ఏమీ లేదు కనుక వాడు రాజసమనే రాయాలి. నిజంగా నేసిన సరుకు చేతిలో ఉన్నవాళ్ళు కూడా వాడి భాషే అరువు తెచ్చుకుంటే, కొనే మనిషి ముందు ఇద్దరూ ఒకటైపోతారు. అప్పుడిక మిగిలిన తేడా ధర ఒక్కటే, ఆ పోటీలో నేసినవాడు గెలవలేడు.

‘అందంగా ఉందని చెప్పకపోతే ఎలా?’ అంటారు. ఆ పని ఫొటో చేసేసింది. ఎరుపు, వజ్రాలు, అంచు, కొంగు అన్నీ ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి. బాగుందో లేదో ఆమె అప్పటికే తేల్చుకుంది, బాగుందనుకోబట్టే ఆగి చూస్తోంది. ఆ క్షణంలో ఆమె మనసులో ఉన్నవి వేరే ప్రశ్నలు. ఇది నూలేనా? నేసిందా, అచ్చు వేసిందా? జాకెట్టు ముక్క ఉందా? బరువుంటుందా? రంగు పోతుందా? వీటిలో ఒక్కదానికీ ఫొటో జవాబు చెప్పలేదు. దుకాణంలోనైతే చీరను చేత్తో పట్టుకుని, మడత విప్పి, తిరగేసి, వేళ్ళమధ్య నలిపి చూసి ఈ జవాబులన్నీ తనే తెలుసుకునేది. ఫోనులో ఆ చెయ్యి లేదు. పొట్టి వివరణ ఉన్నది ఆ చెయ్యి చేయాల్సిన పని చేయడానికి.

ఇకత్ విషయంలో ఆ చెయ్యి మొదట చేసే పని చీర తిరగేయడం. నూలుకే ముందు రంగు వేసి ఆ తరువాత నేస్తారు కాబట్టి డిజైను గుడ్డ లోపలే ఉంటుంది, పైనా కిందా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసినదైతే రంగు పైనుంచి దిగుతుంది, తిరగవైపు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. రెండో గుర్తు అంచుల దగ్గర. రంగు కట్టిన పోగులు మగ్గం మీద వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి, అందుకని వజ్రం గీతల చివర్లు కాస్త చెదిరి, ఈకల్లా కనిపిస్తాయి. గీత గీసినట్టు తేటగా ఉంటే అనుమానించాల్సిందే. ‘తిరగవైపూ ఇదే డిజైను’ అన్న మూడు మాటలు అపురూప కళాఖండమన్న రెండు మాటలకంటే ఎక్కువ పని చేస్తాయి. ఎందుకంటే పెట్టె తెరిచాక ఆమె వాటిని పరీక్షించుకోవచ్చు. అచ్చు చీర అమ్మేవాడు ఆ మూడు మాటలు రాయడానికి జంకుతాడు. రాశాడా, దొరికిపోతాడు.

ఇక కొలత. దీన్ని ‘పొడి లెక్క’ అని తీసిపారేయమనేవాళ్ళు ఎప్పుడైనా చీర కొని ఉంటారా అని నా అనుమానం. ‘5.5 మీటర్లు, జాకెట్టు ముక్కతో’ అని రాస్తే అర్థం రెండు విధాల వస్తుంది. చీరే 5.5 మీటర్లు, ముక్క అదనం అని ఒకటి. ముక్కతో కలిపి 5.5 మీటర్లు అని ఇంకొకటి. రెండోదే నిజమైతే ముక్క కత్తిరించాక మిగిలేది 4.7 మీటర్లు. కాస్త ఒళ్ళున్న ఆవిడ ఆ చీర కడితే కుచ్చిళ్ళు నాలుగు కూడా రావు, పైట భుజం దాటి కాస్త దిగి ఆగిపోతుంది. ఫొటోలోని అమ్మాయి సన్నగా ఉంటుంది, వెనక పిన్నులు పెట్టి ఉంటారు, అందులో ఏదీ తెలియదు. ‘5.5 మీటర్ల చీర, అదనంగా 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క’ అని రాయడానికి ఎనిమిది మాటలు చాలు. ఆ ‘అదనంగా’ అన్న ఒక్క మాట ఖరీదు తిరిగొచ్చిన పార్సెలు విప్పినవాళ్ళకు తెలుస్తుంది.

అసలు తిరిగి రావడమంటే ఏమిటో ఈ సలహాదారుల లెక్కలో ఉండదు. వాళ్ళు ఎంతమంది నొక్కారో చూస్తారు, అక్కడితో వాళ్ళ పని అయిపోయింది. గంజి పెట్టి మడిచిన నూలు చీర ఒకసారి విప్పి, ఒంటిమీద వేసుకుని చూసి, చేతికొచ్చినట్టు మడిచి పంపితే అది మళ్ళీ కొత్త చీరగా అమ్ముడుపోదు. మళ్ళీ తడిపి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయాలి. మడతల దగ్గర గీతలు పోవు. రానూపోనూ ఖర్చు చాలాసార్లు అమ్మినవాడి మీదే పడుతుంది. నేసినవాళ్ళకు ముందే కూలి ఇచ్చేసిన సంఘం ఆ చీరను అరలో పెట్టుకుని కూర్చుంటుంది. రాజసం చూసి కొన్నావిడ ఇంట్లో రాజసం కనిపించక తిప్పి పంపింది, ఆమె తప్పేమీ లేదు. చెప్పిందేదీ లేనప్పుడు ఊహించుకోవడమే మిగులుతుంది.

‘మరి లోపాలు కూడా మనమే చెప్పుకోవాలా?’ అన్నది వాళ్ళ తరువాతి అభ్యంతరం. గీతలు చెదిరి ఉంటాయి, రంగు దిగుతుంది అని రాస్తే కొనేది మానేస్తారట. మొదటిది అసలు లోపమే కాదు, చేత్తో కట్టి నేసినదానికి అది సాక్ష్యం. కానీ ఆ సంగతి తెలియనామెకు అది లోపంలాగే కనిపిస్తుంది. ముందు చెబితే గుర్తు, చెప్పకపోతే ఫిర్యాదు. రెండోది మాత్రం నిజంగా లోపమే. ముదురు ఎరుపు మొదటి ఉతుకుల్లో కొంత దిగుతుంది. ఆ మాట దాచి అమ్మితే ఆమె దాన్ని మిగతా బట్టలతో కలిపి వేస్తుంది, పిల్లాడి స్కూలు చొక్కా గులాబీరంగుకు తిరుగుతుంది, ఇక జన్మలో ఆ సంఘం వైపు చూడదు. ‘మొదటి మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్ళలో’ అని ముందే చదివిన ఆమె విడిగా ఉతుక్కుంటుంది. ఆ వాక్యం చదివి కొనడం మానేసినవాళ్ళు ఉంటే ఉండనివ్వండి. వాళ్ళు కొని ఉంటే తిప్పి పంపేవాళ్ళే.

ఆ మూడువందల మాటల్ని నేను కుదిస్తే వచ్చేది ఇది:

‘పోచంపల్లి నూలు ఇకత్ చీర, చేనేత, ముదురు ఎరుపు మీద తెల్ల వజ్రాలు, నల్ల అంచు. నూలుకే రంగు కట్టి నేసింది: తిరగవైపూ ఇదే డిజైను, గీతల చివర్లు కాస్త చెదిరి ఉంటాయి. 5.5 మీటర్ల చీర, అదనంగా 80 సెం.మీ. సాదా ఎరుపు జాకెట్టు ముక్క, కలిపే నేసింది. బరువు సుమారు 400 గ్రాములు. రంగు దిగుతుంది, మొదటి మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్ళలో. ఫాల్ కుట్టలేదు.’

యాభై మాటలు కూడా లేవు. ఇందులో ఊరి చరిత్ర పోయింది, శుభకార్యాలు పోయాయి. 2/120 కూడా పోయింది. అది మంచి నూలే, 120 నంబరు పోగులు రెండు కలిపి పేనినది. కానీ కొనే ఆమెకు ఆ అంకె ఏమీ చెప్పదు. దాని ఫలితమే ఆమెకు కావాలి, ఆ ఫలితం 400 గ్రాములన్న మాటలో వచ్చేసింది. బియ్యం, పంచదార తూచి కొనే ప్రతి ఇంట్లోనూ 400 గ్రాములంటే ఎంతో తెలుసు. రోజంతా కట్టుకుని తిరగగలిగే బరువది. పనివాళ్ళ మాటను వాడేవాళ్ళ మాటలోకి మార్చడం ఇలా ఉంటుంది, కుదించడంలో కష్టమైన పని అదొక్కటే.

వరస కూడా నా ఇష్టానికి పెట్టలేదు. గూగుల్ షాపింగ్‌లో శీర్షికకు 150 అక్షరాల దాకా ఇస్తారు, కానీ సాధారణంగా కంటికి కనబడేది మొదటి 70 మాత్రమే. తెలుగులో రాసేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. గుణింతం, వత్తు యంత్రం లెక్కలో విడివిడి అక్షరాలు, మన కంటికి ఒక్కటిగా ఉన్న ‘స్త్రీ’ అక్కడ ఆరు. కాబట్టి 70 అనుకున్నది మన చూపుకు నలభైకి అటూ ఇటూగా తేలుతుంది. నా మొదటి వాక్యాన్నే శీర్షికగా పెడితే ‘వజ్రాలు’ దాకా ఆ హద్దులో ఇమిడింది. ఎక్కడిది, ఏ నూలు, ఏ పద్ధతి, ఏ రంగు అన్నీ అక్కడికే వచ్చేశాయి. సలహాదారు రాసినదాంట్లో అదే హద్దులో ఇమిడేది ‘రాజసం ఉట్టిపడే పోచంపల్లి ఇకత్! సంప్రదాయానికి నవ్యత అద్దిన అపురూప’ వరకే.

ఈ హద్దు దగ్గరే అసలు దగా జరుగుతుంది. అచ్చు చీరను ‘పోచంపల్లి ఇకత్ ప్రింట్ చీర’ అని పెడతారు. పేరు పొడుగైందని, బిగువు తగ్గిందని అంటూ ‘ప్రింట్’ తీసేస్తారు. లేదా కనబడని చివరికి తోస్తారు. ‘ఆర్ట్ సిల్క్’లో ఆర్ట్ పోతుంది, కాటన్ కలిపిన పట్టులో కాటన్ పోతుంది. మిగిలిన మాటలన్నీ అవే, పోయింది ఒక్కటే, కానీ సరుకే మారిపోయింది. దీన్ని కుదింపు అనడానికి నేను ఒప్పుకోను. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు ఎవరు పడితే వాళ్ళు వాడుకోడానికి వీల్లేనిది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనకు ఇచ్చిన నిర్వచనంలో ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల కోసం 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనకూడదు. మాట తక్కువైనంత మాత్రాన బాధ్యత తక్కువ కాదు.

ఇంకో వర్గం ఉంది, వాళ్ళు విశేషణాలు వద్దంటారు కానీ వెతుకుడు మాటలన్నీ గుప్పించమంటారు. చీర, చీరలు, పండుగ చీర, పెళ్ళి చీర, ఆడవాళ్ళ చీర, కొత్త చీర అంటూ శీర్షిక నిండా అదే. ఈ పద్ధతికి దుకాణాలే తలుపు మూస్తున్నాయి. అమెజాన్ 2025 జనవరి నుంచి శీర్షికకు ఖాళీలతో కలిపి 200 అక్షరాలు మించకూడదని, ఒకే మాట రెండుసార్లకు మించి రాకూడదని నియమం పెట్టింది. నా పొట్టి వివరణ మళ్ళీ చూడండి. పోచంపల్లి, నూలు, ఇకత్, చేనేత, ఎరుపు, జాకెట్టు ముక్క. వెతికేవాళ్ళు వెతికేది ఈ మాటలతోనే. వాస్తవం రాస్తే అవి వాటంతట అవే వచ్చి చేరతాయి, విడిగా కూరే పని ఉండదు.

నేతపని మీద ప్రేమతో వచ్చే అభ్యంతరం ఒకటి ఉంది, దానికి నేను గౌరవంగానే జవాబు చెప్పాలి. ‘నేతన్న కథ తీసేస్తే ఆ చీరకు విలువేముంది? కథే కదా అమ్ముడుపోయేది’ అంటారు. పట్టు ఇకత్‌కు ఆసు పోసే ఆడవాళ్ళు ఒక్క చీర కోసం చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పేవాళ్ళు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ కథ తెలిసిన ఎవరికైనా దాన్ని పదిమందికీ చెప్పాలనిపిస్తుంది. చెప్పండి. చోటు ఉన్నచోట, కింద పొడుగు వివరణలో, పూర్తిగా, మనుషుల పేర్లతో, పనుల పేర్లతో చెప్పండి. చదవాలనుకున్నవాళ్ళు కిందికి దిగి చదువుతారు. పొట్టిలో పెడితే అది ‘నేతన్న చెమటచుక్కల నుంచి పుట్టిన’ అన్న అరగని ముక్కగా మారుతుంది, ఆ ముక్క ఇప్పుడు మరమగ్గం చీరల మీద కూడా కనిపిస్తోంది. నేతపనికి అది గౌరవం కాదు. తిరగవైపూ ఇదే డిజైను అని చెప్పడం గౌరవం, ఎందుకంటే నేతగాడు పడిన శ్రమంతా దానికోసమే.

కుదించడం ఎలాగో తెలియక సలహాదారుల దగ్గరికి పోతున్న సంఘాలవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. రాయడానికి ముందు రెండు కాగితాలు దగ్గర పెట్టుకోండి. పాత చీరల గురించి కొనేవాళ్ళు అడిగిన ప్రశ్నలు ఒకదాని మీద, తిప్పి పంపినవాళ్ళు రాసిన కారణాలు రెండోదాని మీద. ఏ ప్రశ్న మళ్ళీమళ్ళీ వస్తోందో అది మీ వివరణలో లేని వాక్యం. తరువాత పొడుగు వివరణ తీసుకుని వాక్యం వాక్యానికీ ఆగండి. ఫొటోలో కనబడేదైతే కొట్టేయండి, రంగు పేరు ఒక్కటి మాత్రం ఉంచండి, ఫోను తెరల మీద రంగు మారుతుంది. ఏ చీరకైనా అతికేదైతే కొట్టేయండి. పెట్టె విప్పాక మాత్రమే ఆమెకు తెలిసే సంగతి అయితే ఉంచండి. ఇలా వెళ్తే మూడువందల మాటలు ఓ పూటలో యాభైకి దిగుతాయి, ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు.

రాసేవాళ్ళను పెట్టుకోవాల్సి వస్తే ఫొటోలు పంపి రాయించకండి. చీరను వాళ్ళ చేతికివ్వండి, టేపు ఇవ్వండి, తిరగేసి చూడమనండి. ఆ తరువాత కూడా రాజసమనే రాసుకొస్తే ఆ కాగితం తిప్పి ఇచ్చేయండి. ‘ప్రింట్’ అన్న మాట కొట్టేద్దామని అడిగినవాళ్ళను మాత్రం ఇక పనిలోకి పిలవకండి.